పాలసీకి అంటించిన చీటీ

ఖాదర్ తెలివైనవాడని ప్రొద్దుటూరు లారీ ఆఫీసుల వీధిలో అందరికీ తెలుసు. అందరికంటే బాగా ఖాదర్‌కే తెలుసు. బాడుగ మాట్లాడేటప్పుడు ఎదుటివాడి నోట్లో ఉన్న అంకె బయటికి రాకముందే కనిపెట్టి, అందులో పదిరూపాయలు తన వైపు లాక్కోగల మనిషి. అలాంటి మనిషి 1963 ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున పదిగంటలకు టీ గ్లాసు చేత్తో పట్టుకుని, పులివెందుల నుంచి వచ్చిన ఒక డ్రైవరు చెప్పిన మాట విని, తాగాలో కింద పెట్టాలో తెలియక అట్లే నిలబడిపోయాడు.

"మీ బండి కాలిపోయిందప్పా. ముద్దనూరు రోడ్డులో. పత్తి బేళ్ళు గదా, నిలువునా అంటుకునింది. మీ తమ్ముడు పానాలతో ఉండాడులే, చేతులు కాలినాయి."

ఖాదర్‌కు మొదటి మాట మాత్రమే వినిపించింది. తమ్ముడి మాట టీకొట్టు అరుగు దిగాక గుర్తొచ్చింది. అందుకు అతను తరువాత చాలా సిగ్గుపడ్డాడు గానీ, ఆ క్షణాన సిగ్గుకు కూడా చోటు లేదు. ఆ ఒక్క లారీ తప్ప అతనికి ఇంకో ఆదాయం లేదు.

బస్సు పట్టుకుని పోయి చూస్తే, రోడ్డు పక్కన ఇనుప చట్రం ఒక్కటే నిలబడి ఉంది. టైర్లు కరిగిపోయాయి. క్యాబిను ఉన్నచోట కాలిన రేకు మిగిలింది. బానెట్టు కింద వైర్లలో నిప్పు పుట్టిందని, చూసుకునేలోపల వెనక బేళ్ళకు పాకిందని పోలీసులు రాసుకున్నారు. బేళ్ళ సంగతి పత్తి షావుకారు చూసుకుంటాడు, వాటికి అతను వేరే ఇన్సూరెన్సు చేయించుకున్నాడు. ఎవరి నష్టం వాళ్ళది. తన నష్టం మాత్రం ఖాదర్ కళ్ళెదుట ఇంకా పొగ కక్కుతూనే ఉంది. ఆరేళ్ళు తిప్పిన బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

అమీర్ బాషా పులివెందుల ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. ఒళ్ళో ఒక రేకు డబ్బా. ఒక పక్క మసిపట్టి, మూత వంకరపోయి ఉంది.

"కాగితాలన్నా," అన్నాడు అమీర్ బాషా. "బండి ఆర్పేదానికి కాలా. ఇదొకటి దక్కింది. ఇన్సూరెన్సు కాగితం కాలిపోతే నీకు దుడ్లు రావేమోనని మళ్ళా ఎక్కినా."

ఖాదర్ డబ్బా మూత విరగ్గొట్టి తీశాడు. పాలసీ భద్రంగా ఉంది. దాని చివరి పేజీకి జిగురుతో అంటించిన చీటీ కూడా భద్రంగానే ఉంది. ఆ చీటీని చూడగానే ఖాదర్ మూత గబుక్కున మూసేశాడు. తమ్ముడు తలెత్తి అన్న మొహంలోకి చూసి, మళ్ళీ కట్ల వైపు చూసుకున్నాడు.

ఆ చీటీ సంగతి చెప్పాలి.

బండి కొన్నప్పుడు ఆ అన్నదమ్ముల తండ్రి బతికే ఉన్నాడు. ఇంట్లో ఉన్న సొమ్మంతా ఊడ్చి కొంత కట్టారు. మిగిలిన దానికి జమ్మలమడుగులో ఫైనాన్సు నడిపే మల్లికార్జునయ్య దగ్గర తొమ్మిది వేలు అప్పు చేశారు. కాగితాలన్నీ పెద్దకొడుకైన ఖాదర్ పేరుతోనే. మల్లికార్జునయ్య బండిని హైపోథికేషన్ రాయించుకున్నాడు. అంటే నగలు కుదువపెట్టినట్టు బండిని తీసుకుపోయి ఆయన ఇంట్లో పెట్టుకోడు. బండి వీళ్ళ దగ్గరే ఉంటుంది, వీళ్ళే తిప్పుకుంటారు. అప్పు తీరేదాకా దాని మీద హక్కు మాత్రం ఆయనది. బండే పోతే ఆయన హక్కు దేని మీద నిలుస్తుంది? అందుకని ఇన్సూరెన్సు పాలసీకి ఆయన పేరుతో ఒక చీటీ అంటించారు. మద్రాసు కంపెనీ వాళ్ళు ఇంగ్లీషులో టైపు కొట్టించిన నాలుగు వరుసల చీటీ.

అప్పు 1960 ఫిబ్రవరిలో తీరిపోయింది. చివరి కంతు ఖాదరే స్వయంగా జమ్మలమడుగు పోయి కట్టాడు. మల్లికార్జునయ్య "నా బాకీ లేదని లెటరిస్తాను, కంపెనీకి పంపించి నా పేరు తీయించుకో" అన్నాడు. ఖాదర్ "మళ్ళా వచ్చి తీసుకుంటాలే అయ్యా" అని వచ్చేశాడు. అప్పటికి తండ్రి మంచాన పడి ఉన్నాడు. ఖాదర్ తెలివి అప్పుడు పనిచేయడం మొదలుపెట్టింది. అతని తెలివికి విశ్రాంతి ఇచ్చి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

తండ్రి పోయాక మే నెలలో పంపకాలు జరిగాయి. మసీదు పెద్ద అలీ అహ్మద్ సాబు, ఇంకో ఇద్దరు పెద్దలు వచ్చి కూర్చున్నారు. ఇల్లు రెండు భాగాలు చేయడం తేలికగానే అయింది. బండి మాట వచ్చినప్పుడు ఖాదర్ ఏమీ మాట్లాడలేదు. పాలసీ తీసి పెద్దల ముందు పెట్టాడు, అంతే. ఇంగ్లీషు చదవగలిగిన అలీ అహ్మద్ సాబు చీటీ చదివి, "బండి ఇంకా మల్లికార్జునయ్య హైపోథికేషన్‌లో ఉండాది" అని అందరికీ చెప్పాడు. ఎంత బాకీ అని అడిగితే ఖాదర్ ఏడువేలు అన్నాడు. అప్పటికి పాత బండి విలువ అంతకంటే రెండువేలు ఎక్కువ ఉంటుందేమో. అప్పులో సగం మోయడం పెళ్ళైన కొత్తలో ఉన్న అమీర్ బాషాకు అయ్యే పని కాదు. బండీ, అప్పూ రెండూ ఖాదరే తీసుకోవాలని తేల్చారు. అప్పు నెత్తికెత్తుకున్న అన్నను పెద్దలు మెచ్చుకున్నారు. అమీర్ బాషా అయితే అన్న చేయి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. నెలకు ఎనభై రూపాయల జీతానికి ఆ బండికే డ్రైవరుగా చేరాడు.

అప్పటి నుంచి ఆ చీటీని పీకే దారి లేకుండా పోయింది. కాగితాల డబ్బా క్యాబిన్లో ఉంటుంది. క్యాబిన్లో తమ్ముడుంటాడు. ఏడాదికోసారి కొత్త పాలసీ వస్తుంది, ఏజెంటు బాలసుబ్రహ్మణ్యం "అప్పు తీరిందా ఖాదర్, తీరితే లెటరు తీసుకురా, చీటీ లేకుండా చేయిస్తా" అంటాడు. "ఇంకా కొంచెముంది సారూ, ఉండనీ" అంటాడు ఖాదర్. చీటీ ఉన్నందుకు పైసా ఖర్చు లేదు. ఖర్చులేని అబద్ధాన్ని ఎవరు వదులుకుంటారు?

అన్నదమ్ములు పులివెందుల నుంచి తిరిగొచ్చిన మూడోరోజు కంపెనీ సర్వేయరు వచ్చి చట్రం చూసి పోయాడు. ఇంకో మూడు వారాలకు బాలసుబ్రహ్మణ్యం అన్నదమ్ములిద్దర్నీ తన ఇంటికి పిలిపించాడు. ఆయన పగలు హైస్కూల్లో లెక్కల అయ్యవారు, సాయంత్రాలు ఇన్సూరెన్సు ఏజెంటు. రెండు పనులూ ఒకే గొంతుతో చేస్తాడు.

"సర్వేయరు రిపోర్టు మంచిగ రాసినాడు. బాగు చేసేదానికి పనికిరాదు, టోటల్ లాస్ అన్నాడు. పాలసీలో పదివేలుండాది గానీ, అంత ఇయ్యరు. కాలిపోయిన నాటికి బండి విలువెంతో అంతే ఇస్తారు. ఎనిమిది వేలకు ఒప్పుకున్నారు. కాలిన ఇనుమును కంపెనీ వాళ్ళే తోలకపోతారు. ఈ పాలసీ ఇంతటితో రద్దు."

ఎనిమిది వేలు! ఖాదర్‌కు మూడువారాల తరువాత మొదటిసారి గుండెల నిండా ఊపిరాడింది. ఇంకో పాత బండికి బయానా ఇచ్చి మళ్ళీ రోడ్డెక్కవచ్చు. అతని మనసు అప్పుడే కడపలో అమ్మకానికున్న ఒక బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూడసాగింది.

"చెక్కు ఎప్పుడిస్తారు సారూ?"

"నీకెందుకిస్తారు?" అన్నాడు బాలసుబ్రహ్మణ్యం.

ఖాదర్ నవ్వబోయాడు. అయ్యవారు హాస్యమాడే మనిషి కాదని గుర్తొచ్చి నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఏంది సారూ, పాలసీ నా పేరుతో ఉండాది. ప్రీమియం నేను కట్టినా."

"కట్టినావు. చీటీ ఉండాదే మరి?" ఆయన పాలసీ తిప్పి, వేలుపెట్టి వరుస వరుసకూ తెలుగు చెప్పాడు. "ఈ బండి జమ్మలమడుగు మల్లికార్జునయ్యకు హైపోథికేషన్ చేయబడింది. రిపేరు చేసి సరిచేయని నష్టానికి కంపెనీ ఇచ్చే సొమ్ము ఆయనకే చెల్లించాలి. ఆయన ఇచ్చే రసీదుతో కంపెనీ బాధ్యత తీరిపోతుంది. ఇదీ దీని అర్థం. చిన్న దెబ్బ తగిలి రిపేరు చేయించుకునుంటే నీ బిల్లు నీకే ఇస్తారు. బండే లేకుండా పోయినప్పుడు చెక్కు ఆయన పేరుతోనే రాస్తారు. తన బాకీ ఎంతో ఆయన పట్టుకొని మిగిలింది నీకిస్తాడు. న్యాయమే గదా. ఆయనకు మిగిలిన ఆధారం ఇదొక్కటేనాయె."

ఏళ్ళ తరబడి అడ్డం పెట్టుకున్న చీటీలో ఏముందో ఖాదర్ ఎన్నడూ అడగలేదు. అందులో మల్లికార్జునయ్య పేరుందని తెలుసు, పెద్దల ముందు అది పనిచేసిందని తెలుసు. అది ఒక రోజు నిజంగానే పనిచేస్తుందని తోచలేదు.

"బాకీ ఎంతుంది?" అయ్యవారు పెన్సిలు పట్టుకుని అడిగాడు.

పక్కన అమీర్ బాషా కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని అన్న వైపే చూస్తున్నాడు. ఆ చూపులో ఏమీ లేదు. ఉన్నా ఖాదర్‌కు చూసే ఓపిక లేదు.

"నాలుగు వేలుంటాది," అన్నాడు.

"మంచిది. నీ మాట కంపెనీకి చాలదులే. వాళ్ళు మొన్ననే ఆయనకు లెటరు రాసినారు. బాకీ ఎంతుంది, అప్పు ఎప్పుడిచ్చినావు, కంతులు ఏ తేదీల్లో వచ్చినాయి, అన్నీ రాసి పంపమని. ఆయన జవాబు నాకొస్తాది. వచ్చినాక మీ ఇద్దర్నీ పిలిచి చదివి చెప్తా."

బయటికి వచ్చాక తమ్ముడిని ఇంటిదాకా తీసుకొచ్చిన సంగతి కూడా ఖాదర్‌కు సరిగా గుర్తులేదు. ఒకటే మాట తలలో తిరుగుతోంది. తేదీలు. చివరి కంతు తేదీ ఫిబ్రవరి. పంపకాలు మేలో. ఆ తేదీలను అయ్యవారు, తన లెక్కల గొంతుతో, తమ్ముడి ముందు చదువుతాడు. ఆ తరువాత అలీ అహ్మద్ సాబు దగ్గరికి మాట పోతుంది, మసీదు మెట్ల మీదికి పోతుంది. ఎనిమిది వేలు వస్తే తమ్ముడు పోతాడు. తమ్ముడు ఉండాలంటే ఆ సొమ్ము మీద ఆశ వదులుకోవాలి. ఖాదర్‌కు రెండూ కావాలి. తెలివైనవాడు కదా.

మరునాడు పొద్దున మొదటి బస్సుకే జమ్మలమడుగు పోయాడు.

మల్లికార్జునయ్య డెబ్బై దాటిన మనిషి. విభూతి పెట్టుకుని, అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, కంపెనీ వాళ్ళ లెటరునే ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఖాదర్‌ను చూడగానే, "రా రా. నేనే నీకు కార్డు రాద్దామనుకుంటి. ఇదేందప్పా, మూడేళ్ళ కిందట తీరిన అప్పుకు నన్ను బాకీ అడుగుతాండారు? నా పేరు ఇంగా తీయించలేదా నువ్వు?" అన్నాడు.

"తీయించలేదయ్యా. ఇప్పుడు దానితోనే ఒక పని పడింది." ఖాదర్ దారి పొడుగునా సిద్ధం చేసుకున్న మాటలు చెప్పాడు. నాలుగువేలు బాకీ ఉందని అయ్య రాయాలి. కంతులు సరిగా కట్టలేదని రాయాలి. చెక్కు అయ్య పేరుతోనే వస్తుంది. అయ్య రసీదిచ్చి తీసుకుని, రెండువందలు ఉంచుకుని, మిగతాది ఖాదర్‌కు ఇచ్చేయాలి. ఎవరికీ నష్టం లేదు, కంపెనీ ఇవ్వాల్సింది ఇస్తోంది అంతే.

మల్లికార్జునయ్య అద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపం రావడానికి ఆయనకు కొంచెం సమయం పట్టింది, వచ్చాక మాత్రం బాగా వచ్చింది.

"నాకు రావాల్సింది లేనప్పుడు, ఉండాదని సంతకం పెట్టి సొమ్ము తీసుకుంటే దాన్నేమంటారో తెలుసునా నీకు? అది పక్కన పెట్టు. నేను దొంగనే అనుకో. చెక్కు నా చేతికొచ్చినాక ఇయ్యనంటే ఏం జేస్తావు? నా రసీదుతో కంపెనీ పని అయిపాయె. వాళ్ళ దగ్గరికి పోతే ఇచ్చేసినాం పో అంటారు. నా దగ్గరికొస్తే నీ బాకీ నాలుగువేలని రాసిన కాగితం నేనే చూపిస్తా. రేపు పొద్దున నేను చచ్చిపోతే నా కొడుకుల దగ్గరికి ఏ మొగం పెట్టుకొని పోతావు? యాడుండాది నీ చేతిలో రుజువు?"

ఖాదర్ ఈ వైపు ఆలోచించలేదు. ఈ ముసలాయన ఇంకొకరైతే, ఈ పాటికి బండీ సొమ్మూ రెండూ పోయి ఉండేవి, తన చేత్తోనే రాసిచ్చినట్టు.

"ఎందుకయ్యా ఇన్ని పాట్లు?" అన్నాడు మల్లికార్జునయ్య కొంచెం తగ్గి. "అప్పు ఫలానా తేదీన తీరింది, నాకేమీ సంబంధం లేదు, చెక్కు నీకే ఇయ్యొచ్చు అని రెండు ముక్కలు రాస్తే తీరిపోతాది గదా?"

"ఆ తేదీ మా తమ్ముడు చూడకూడదయ్యా." ఖాదర్ తలవంచుకున్నాడు. చెప్పక తప్పలేదు. పెద్దల ముందు చీటీ పెట్టిన సంగతి, ఏడువేల సంగతి, మూడేళ్ళ జీతం సంగతి అంతా చెప్పాడు. చెప్తున్నప్పుడు అది అంత చెడ్డపనిలా వినిపిస్తుందని అతను అనుకోలేదు. తన గొంతు తనకే అసహ్యం పుట్టించింది.

మల్లికార్జునయ్య కంపెనీ లెటరు మడిచి పక్కన పెట్టాడు. తరువాత, "మీ తమ్మునికి తెలుసు గదప్పా," అన్నాడు.

ఖాదర్‌కు అర్థం కాలేదు.

"తెలుసునంటాండా. అప్పు తీరిన యేడే, శ్రావణంలో అనుకుంటా, ఈడికొచ్చినాడు. నువ్వు కూచున్న చోటనే కూచున్నాడు. రుమాల్లో మూడు నూర్లు కట్టుకొచ్చినాడు. మా యన్న బండి అప్పంతా ఒక్కడే మోస్తాండాడు, నేనూ కొంచెం కడతానయ్యా, మా యన్నకు చెప్పొద్దు, అన్నాడు. పెండ్లాం గాజులమ్మినాడంట. నాకేం తెలుసు మీ ఇంట్లో సంగతి? పిచ్చోడా, ఇంగెక్కడి అప్పు, ఫిబ్రవరిలోనే తీరిపాయె గదా అని చెప్పి దుడ్లు వెనక్కిచ్చినా."

ఖాదర్ నేల మీద చేయి ఆనించాడు. కూర్చున్నవాడే, అయినా పడిపోతానేమో అనిపించింది.

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? శానా సేపు నీళ్ళు తాక్కుంటా కూచున్నాడు. మీ యన్ననడుగు అంటి. ఎందుకులే అయ్యా, ఏదో కారణముంటాది, ఆయనే చెప్తాడులే అని లేసి పాయె."

మూడేళ్ళు. మూడేళ్ళుగా ప్రతి రాత్రి బండి దిగి తాళాలు చేతిలో పెట్టినప్పుడల్లా తమ్ముడికి తెలుసు. ఒకటో తేదీన ఎనభై రూపాయలు లెక్కపెట్టి తీసుకున్నప్పుడల్లా తెలుసు. మండే క్యాబిన్లోకి ఆ కాగితం కోసం ఎక్కినప్పుడు తెలుసు. మొన్న అయ్యవారి ఇంట్లో, నాలుగువేలు బాకీ అని తను అంటున్నప్పుడు, ఒళ్ళో కట్లు పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు తెలుసు. తనను చూసి జాలిపడ్డాడో, నవ్వుకున్నాడో! ఇన్నాళ్ళూ దాచిపెట్టానని మురిసిపోయింది ఎవరి దగ్గర? ఖాదర్ కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. ఏడుస్తున్నానని కూడా అతనికి తెలియలేదు, మల్లికార్జునయ్య చెంబు అందించేదాకా.

"రాయండయ్యా," అన్నాడు. "తేదీ కూడా రాయండి."

మల్లికార్జునయ్య రెండు ప్రతులు రాశాడు. ఖాదర్ బండి మీద తానిచ్చిన అప్పు 1960 ఫిబ్రవరి 18న పూర్తిగా తీరిందనీ, ఆ బండి మీద గానీ ఇన్సూరెన్సు సొమ్ము మీద గానీ తనకు ఏ హక్కూ లేదనీ, సొమ్ము నేరుగా ఖాదర్‌కే ఇవ్వడానికి అభ్యంతరం లేదనీ రాసి సంతకం చేశాడు. ఒకటి కంపెనీకి, ఒకటి ఖాదర్ చేతికి.

ప్రొద్దుటూరులో బస్సు దిగి ఖాదర్ తన ఇంట్లోకి పోలేదు. వెనక భాగంలోకి, తమ్ముడి వాకిట్లోకి పోయాడు. మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఖమర్‌బీ మొగుడి ముందు కూర్చుని అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. అమీర్ బాషా కట్లు పక్కకు పెట్టుకుని నోరు తెరుస్తున్నాడు. ఖమర్‌బీ చేతులకు మట్టిగాజులు తప్ప ఏమీ లేవు. ఆ చేతుల్ని ఖాదర్ ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు.

"రా బావా, అన్నం తింటావా?" అంది ఆమె.

"వద్దమ్మా. ఒక లెటరు తెచ్చినా. మీ ఇద్దరికీ చదివి చెప్పల్ల."

నిలబడే చదివాడు. తేదీ రెండుసార్లు చదివాడు. రెండోసారి ఎవరూ అడగలేదు.

ఖమర్‌బీకి చదువు రాదు గానీ నెలలు తెలుసు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ముద్ద చేతిలో అట్లే ఉండిపోయింది.

"మామ పోకముందే తీరిపోయిందా అప్పు? మరి పెద్దోళ్ళ ముందర ఏడువేలంటివే బావా?"

"అబద్ధం చెప్పినా."

ఆమె మొగుడి వైపు తిరిగింది. అతని మొహంలో ఆశ్చర్యం లేదు. అది చూసి ఆమె గుండె బాదుకున్నంత పని చేసింది. "నీకు తెలుసునా? నా గాజులు అమ్మి పోయినప్పుడే తెలుసునా? అయ్య ఇప్పుడొద్దన్నాడు, ఆ దుడ్లు ఇంట్లోకి వాడుకుందామన్నావే! మూడేండ్లు నాతో గూడా చెప్పకపోతివే!"

"చెప్పుంటే నువ్వు ఊరుకుంటావా?" అన్నాడు అమీర్ బాషా. "మా యన్న చెప్తాడనుకుంటి. రంజానుకు చెప్తాడనుకుంటి. మళ్ళా రంజానొచ్చె. బండి కాలిపోయినాకైనా చెప్తాడనుకుంటి. సారు ఇంట్లో నాలుగువేలన్నాడు సూడు, అప్పుడు వదులుకున్నా."

ఖాదర్ గోడ పక్కన కూలబడ్డాడు. తిడతాడనుకున్నాడు, కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండేది.

"ఎనిమిది వేలొస్తాది తమ్ముడా. అందులో సగం నీది. మూడేండ్ల సంపాదనలో కూడా నీ సగం తీరుస్తా. చెక్కొచ్చిన దినమే తెచ్చి నీ ముందర పెడతా. అల్లా తోడు."

అమీర్ బాషా నీళ్ళు తాగించమని పెళ్ళానికి సైగ చేశాడు. తాగి, భుజానికి మూతి తుడుచుకున్నాడు.

"తీసుకుంటా. నా సగం నాదే, వద్దనేదానికి నేనేం ఫకీరునా. అయితే ఒకటన్నా. చెక్కు నీ పేరుతో వస్తాది. నీ సంతకంతో కంపెనీ పని అయిపోతాది. ఆ తర్వాత నాకు దిక్కేది? స్టాంపు కాగితం తెచ్చి రాయించు. ఇంత సొమ్ములో సగం మా తమ్మునిదని, అలీ అహ్మద్ సాబు సాచ్చిగా. అది నా చేతికొచ్చినాకనే నువ్వు కంపెనీ రసీదులో సంతకం పెట్టు."

"కాగితమా?" ఖాదర్ నమ్మలేకపోయాడు. ఒకే కంచంలో తిన్నవాళ్ళు. అప్పు మోస్తున్నావని చేయి పట్టుకుని కళ్ళకద్దుకున్నవాడు. ఏ కాగితమూ లేకుండా గాజులమ్మిన సొమ్ము రుమాల్లో కట్టుకుని ఊరుదాటి పోయినవాడు. "నువ్వూ నేనూ కాగితం రాసుకునేదా అమీరా? ఇన్నాళ్ళు నా మాట నమ్మలేదా నువ్వు?"

"నమ్మినా గదా," అన్నాడు అమీర్ బాషా.

ఆ మాట అతను మెల్లగానే అన్నాడు. ఖమర్‌బీ కంచం తీసుకుని లేచి లోపలికి పోయింది.

ఖాదర్ ఏదో ఒకటి పట్టుకోవడానికి వెతుక్కున్నాడు. కాలిన చేతుల కట్లు కనిపించాయి. "నీ చేతులింగా మానలేదు. సంతకం ఎట్ల పెడతావు? చేతులు మాననీ, అప్పుడు తీరిగ్గా రాసుకుందాం."

"నా సంతకంతో పనిలేదన్నా," అన్నాడు అమీర్ బాషా. "పెట్టాల్సింది నువ్వు."